కత్తిరించిన ఫోటో

సుమంగళ కళ్ళు పడితే కొత్త బిందెకు కూడా సొట్ట పడుతుందని వాళ్ళ వీధిలో ఎగతాళి చేస్తారు. ఆమె పట్టించుకోదు. ఆ కళ్ళే ఆమెకు అన్నం పెడుతున్నాయి మరి.

రాయచూరు స్టేషన్ దారిలో అంబరీష్‌కు పాత సామాన్ల దుకాణం ఉంది. అమ్మేవాళ్ళు తమ వస్తువును ఇంట్లోనే ఫోటోలు తీసి అతనికి పంపుతారు. అతను వాటిని సుమంగళకు పంపుతాడు. ఆమె ఇంటి గడప మీద కూర్చుని, ఫోన్‌లో ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూసి, కొనేవాళ్ళు చదివే వివరణ రాస్తుంది. తర్వాత అది ఆన్‌లైన్‌లో అమ్మకానికి ఎక్కుతుంది. అందరూ రాసే "కొత్తదానిలాగే ఉంది", "చూస్తే వదలరు" లాంటి కబుర్లు ఆమెకు గిట్టవు. గీత ఉంటే గీత అని, తుప్పు ఉంటే తుప్పు అని, అది ఎక్కడుందో చెప్పి మరీ రాస్తుంది. ఫోటోలో కనబడనిది మాత్రం చచ్చినా రాయదు.

చలికాలం, పొద్దున. అంబరీష్ పంపింది ఒక గ్యాస్ గీజర్. యరమరస్ కరెంటు ప్లాంటులో పని చేసి రిటైరైన అమరేశప్ప అనే ఆయనది. గోడ మీద ఉండగానే తీసిన ఫోటోలు. సుమంగళ కళ్ళు చిట్లించి చూసింది. మొదటి చూపుకే ఆమెకు మనసు ఒప్పలేదు. గీజర్ పైన గాలి పోయే చీలికల చుట్టూ నల్లగా మసి పట్టి ఉంది. ఆ మసి పైనున్న తెల్లటి టైల్స్ మీదికి కూడా పాకింది.

ఫోటోలో అనవసరమైనవి చాలా ఉన్నాయి. కింద ఒక ప్లాస్టిక్ బకెట్, పక్కన కొక్కేనికి తువ్వాలు, పైన చిన్న కిటికీ, ఆ కిటికీలో కుక్కిన పాత చీర. వస్తువు అమ్ముతున్నాం, ఇల్లు కాదు కదా అని ఎప్పటిలాగే వాటన్నిటినీ కత్తిరించేసింది. గీజర్ ఒక్కటే మిగిలింది. అప్పుడు రాసింది:

"వాడిన గ్యాస్ గీజర్, సిలిండర్ గ్యాస్‌తో పనిచేసే రకం. పై చీలికల దగ్గర నల్లటి మసి ఉంది, కుడివైపు ఎక్కువ. కింద గ్యాస్ పైపు బిగించే నట్టుకు తుప్పు. ముందు రేకు మీద ఎడమవైపు చిన్న సొట్ట. బ్యాటరీల మూత లేదు. పొగ బయటికి పోయే గొట్టం ఫోటోలలో కనిపించలేదు. పనిచేస్తుందో లేదో ఫోటోలను బట్టి చెప్పలేం. మెకానిక్‌కు చూపించకుండా వాడవద్దు."

అంబరీష్ వెంటనే ఫోన్ చేశాడు.

"అక్కా, మసి గిసి అని రాస్తే ఎవడు కొంటడు? గుడ్డతోని తుడిచి మల్ల ఫోటో తీయమంట, గప్పుడు రాయి."

"తుడిస్తె మసి పోతది, మసి ఎందుకొచ్చిందో అది పోతదా? నేను ముందుగల్ల చూసిన గద. గిట్లనే పెట్టు, లేకుంటె నా రాత తీసెయ్."

అంబరీష్ గొణుక్కున్నాడు. కానీ ఆమె రాసిన సామానుకు తగాదాలు రావని అతనికీ తెలుసు. వాళ్ళ దుకాణంలో ఒక పద్ధతి ఉంది: రాసింది ముందు అమ్మేవాళ్ళకు పంపాలి, వాళ్ళు సరే అన్నాకే పెట్టాలి. సుమంగళే అమరేశప్పకు పంపింది. ఇంకో ఫోటో తెరిచింది, మిక్సీ. కానీ మనసు దాని మీద నిలవలేదు. ఆ మసి కళ్ళ ముందు నుంచి కదలడం లేదు.

కాసేపటికి అమరేశప్పే ఫోన్ చేశాడు. కోప్పడతాడనుకుంది. ఆయన గొంతులో కోపం లేదు.

"బిడ్డా, నువ్వు రాసింది సదివిన. అన్నీ కరెక్టే. ఒక్కటి అడుగుత, యేమనుకోకు. ఆ మసి ఎందుకొస్తది?"

"మంటకు గాలి సాలకుంటె గ్యాస్ మంచిగ మండదు కాకా. గప్పుడు మసి వస్తది. దాంతోని పాటు పాడు గాలి కూడ వస్తది. దానికి వాసన రాదు, కండ్లకు కానరాదు. పీలుస్తె కండ్లు తిరుగుతయి. తలుపులు మూసిన జాగల పాణం పోతది."



"మా ఇంటామె సుంకవ్వ ఆ బాత్‌రూంలనే పడి పోయింది. పోయిన చలికాలం. గుండె ఆగిందన్నరు డాక్టర్లు."

 ఆ ఇంటి గోడ మీది మసిని సుమంగళ ఒక సొట్టతో, ఒక తుప్పుతో కలిపి వరసలో పెట్టి రాసింది. సిగ్గేసింది.

"గా గీజర్ అమ్మొద్దు కాకా. ఇనుప సామానోళ్ళకు పగలగొట్టి ఇయ్యి."

"అట్లనే ఇస్త. దాన్ని సూస్తె నాకూ మనసొప్పదు. గందుకే నిన్న కొత్తది తెప్పించి పెట్టిచ్చిన. గోడకు అదే మొలకు, అదే జాగల."

అదే జాగల. సుమంగళ ఫోన్‌ను చెవి దగ్గర నుంచి తీసింది. కత్తిరించక ముందున్న ఫోటోను గబగబా వెతికి తెరిచింది. బకెట్టు, తువ్వాలు, కిటికీ. కిటికీలో గాలి దూరే సందు కూడా లేకుండా కుక్కిన పాత చీర. మసి పట్టింది గీజర్‌కు, కానీ గాలి లేనిది ఆ గదికి. గీజర్ కొత్తదైనా కిటికీ అదే.

"కాకా, బాత్‌రూం కిటికీల చీర కుక్కి ఉన్నది. తీసినవా?"

"అది సుంకవ్వనే కుక్కింది బిడ్డా, చలి గాలి కొడ్తదని. ఆమె చేతిది, నేను తియ్యలే."

"బాత్‌రూంల ఇప్పుడు ఎవరన్న ఉన్నరా?"

"మనవరాలు రశ్మి ఉన్నది. తానానికి పోయి శానా సేపైంది. ఆడపిల్లలు గట్లనే గద."

"కాకా, ఫోన్ పెట్టకు! తలుపు కొట్టు! పలక్కుంటె పగలగొట్టు! సిలిండర్ బంద్ చేపియ్యి!"

ఆయన చెప్పుల చప్పుడు వినిపించింది. తలుపు బాదిన చప్పుడు. "రశ్మీ! అమ్మా రశ్మీ!" నీళ్ళు పడుతున్న శబ్దం తప్ప జవాబు లేదు. ఆయన పక్కింటివాళ్ళను కేక వేశాడు, కన్నడలో, తెలుగులో, ఏ మాట నోటికి వస్తే ఆ మాటలో. గడియ విరిగిన చప్పుడు వచ్చింది. తర్వాత ఫోన్ కిందపడింది కాబోలు, ఏమీ వినబడలేదు. సుమంగళ గడప మీద కూర్చుని ఆ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని ఉంది. 

సాయంత్రం దాకా మళ్ళీ ఫోన్ మోగలేదు. అంబరీష్ రెండుసార్లు మెసేజ్ పెట్టాడు, మిక్సీ ఏమైందని. ఆమె చూడలేదు.

దీపాలు పెట్టే వేళకు అమరేశప్ప ఫోన్ వచ్చింది.

"బిడ్డా, రశ్మి కండ్లు తెరిచింది. ఆస్పత్రిల ఉన్నం. ఆక్సిజన్ పెట్టిండ్రు. గట్టిగనే ఉన్నది, నీళ్ళు తాగింది."

సుమంగళ ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆయన ఆమెను ఏడవనిచ్చాడు.

"చీర తీసేసిన. ఇంటెనక పడేసిన." ఆయన వార్డు బయటికి వచ్చినట్టున్నాడు. "ఒక్కటి చెప్పు బిడ్డా. నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్తవంట గద. మా సుంకవ్వ కూడ గిట్లనే పోయిందా? ఆమె కుక్కిన చీరతోనే?"

పొద్దున ఫోటోలోంచి తీసేసిన ఆ కిటికీ ఇప్పుడు ఆమె కళ్ళ ముందు నిండుగా కనబడుతోంది. ఫోటోలో కనబడనిది రాయనని ఇన్నాళ్ళూ గర్వంగా చెప్పుకుంది. ఇది కనబడుతూనే ఉంది.

"కాకా..." అని మాత్రం అనగలిగింది. ఆ ఒక్క మాటలోనే అమరేశప్పకు జవాబు దొరికింది.