పప్పు డబ్బాలో దాచిన గోళీలు

మా వాడలో బీపీ మాత్రలు టీవీ పక్కన ఉంటాయి. షుగర్ మాత్రలు ఫ్రిజ్ మీద దర్జాగా కూర్చుంటాయి. బిక్షపతి మాత్రలు మాత్రం కందిపప్పు డబ్బాలో, పప్పు అడుగున, ప్లాస్టిక్ కవర్లో ఉండేవి. ఒకే గోడకు ఇటు మేము, అటు వాళ్లు. అయినా ఆ సంగతి మాకు చాలాకాలం తెలియలేదు. ఎప్పుడైనా కంటబడితే "గ్యాస్ గోళీలు" అనేవాడు. అంత కారం తినే మనిషికి గ్యాస్ ఉండదా అని మేమూ నమ్మాం.

పెళ్లైన కొత్తలో జనగామ దగ్గరి పల్లె నుంచి నాచారం వచ్చాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఇనుప రేకులు కొట్టే పవర్ ప్రెస్ మీద పని. రేకును లోపల పెట్టాలి, చెయ్యి తీయాలి, పెడల్ తొక్కాలి; పైనుంచి అచ్చు ధన్‌మని దిగుతుంది. రోజంతా అదే. ఆ మిషన్ దగ్గర చాలామంది వేళ్లు పోగొట్టుకున్నారు. బిక్షపతి పది వేళ్లూ ఊపుతూ "నా సొమ్ము పూర్తిగనే ఉన్నది సూడున్రి" అని మురిసేవాడు. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉంటే మిద్దె ఎక్కి, గాలిలో వచ్చే అరుపులు విని అది ఫోరో సిక్సో చెప్పేవాడు. సగం తప్పే, అయినా పిల్లలంతా ఆయన చుట్టూ చేరేవారు.

ఉప్పల్ చౌరస్తాలో తమ్ముణ్ణి లారీ గుద్ది చంపేశాక ఆ మనిషి మాట్లాడడం మానేశాడు. అన్నం ముందు పెడితే చూస్తూ కూర్చునేవాడు. చావు గురించి ఒకటి రెండుసార్లు మామూలుగా, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పాడట. భార్య కౌసల్యమ్మ భయపడిపోయి పెద్ద దవాఖానాకు లాక్కెళ్లింది. అక్కడి డాక్టర్ మాత్రలు రాశాడు. కొన్ని వారాలు ఏమీ తేడా కనబడలేదు. తర్వాత ఒక మ్యాచ్ రోజు మిద్దె మీంచి "సిక్స్!" అని కేక వినబడింది. కౌసల్యమ్మ చేతిలో గరిట పట్టుకునే ఏడ్చింది. ఆ మాత్రలతోనే ఆయన తిరిగి మనిషయ్యాడు. ఆ మాట పైకి చెప్పుకోవడానికే సిగ్గు.

పోయిన ఏడు కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటానన్నాడు. దేవుడు తనను బాగుచేశాడు కాబట్టి కొండకు వెళ్లి రావాలన్నాడు. అందులో తప్పు పట్టేదేముంది? తప్పంతా ఆ పొద్దున జరిగింది. మాల వేసుకున్ననాడే పప్పు డబ్బా మూత బిగించాడు.

"మాల మీద మత్తు గోళీలు మింగొద్దు. కల్లు, సిగరెట్ ఎట్లనో ఇవి గూడ గట్లనే," అన్నాడట.

"గురుస్వామిని ఒక్కమాట అడుగరాదు?" అంది కౌసల్యమ్మ.

"ఏమని అడుగాలె? పిచ్చి గోళీలు మింగుతున్న అనా?"

గురుస్వామి త్రిమూర్తులు గారు మంచి మనిషి. మధ్యాహ్నం భిక్ష అయ్యాక అందరి ముందూ జేబులోంచి బీపీ మాత్ర తీసి, నీళ్లు అడిగి మరీ వేసుకుంటాడు. బిక్షపతి రోజూ ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నాడు. రక్తానికి వేసుకుంటే మందు, మనసుకు వేసుకుంటే మత్తు! ఈ లెక్క మనకు ఎవరు నేర్పారో గానీ, వాళ్లు కనబడితే నాలుగు దులపాలని ఉంది నాకు.

రెండు మూడు రోజులకే మొదలైంది. తల తిరుగుడు, వాంతులు. నిద్రలో ఉలిక్కిపడి లేవడం. పూజలో కూర్చుని ఊరికే కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. అది భక్తి అనుకున్నారు. "తల ఇటు తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు అయితుంది" అంటే, ఒంటిపూట భోజనం కదా, నీరసం అన్నారు తోటి స్వాములు. ఆయనేమో ఒంట్లోని పాపం కడుక్కుపోతోందన్నాడు. కౌసల్యమ్మ గట్టిగా తిట్టి గోళీ మింగించే మనిషే. కానీ మాలలో ఉన్న భర్త స్వామి. పొద్దున్నే కాళ్లకు మొక్కాలి. స్వామి మీద నోరెట్లా లేస్తుంది?

చివరికి బలానికి టానిక్ కొందామని మెయిన్ రోడ్డు మీద రెబెక్కా నడిపే మెడికల్ షాపుకు వెళ్లింది. నన్ను తోడు రమ్మంది. వెళ్లేముందు ఏమనుకుందో, డబ్బా అడుగున మిగిలిన స్ట్రిప్ ముక్క కొంగుకు ముడేసుకుంది. సగం కత్తిరించిన స్ట్రిప్. కంపెనీ పెట్టిన పెద్ద పేరు తెగిపోయింది.

రెబెక్కా ముక్కను తిప్పి, వెనకాల చీమల బారులా ఉన్న అక్షరాలు చదివింది. "ఇది ఎందుకిచ్చిన్రో తెలుసా అమ్మా?"

"నిద్ర గోళీలు బిడ్డా. మత్తువి."

"కాదమ్మా. గా రకం మత్తు గోళీల అసలు పేరు చివర్ల చానావరకు జెపామ్ అనో, జోలమ్ అనో ఉంటది. ఇది వెన్లాఫాక్సిన్. ఫాక్సిన్ అని ఉన్నది సూడు. డిప్రెషన్ మందు ఇది. అంకుల్ దినాం ఏస్కుంటుండా?"

"మాల ఏసుకున్నంక బంద్ జేసిండు."

రెబెక్కా టానిక్ కోసం ఎత్తిన చెయ్యి దించేసింది. "ఒక్కపాలి బంద్ జేసిండా? జర జర తగ్గిచ్చుకుంట కాదా? తల తిరుగుడు, కరెంటు కొట్టినట్టు అవుడు ఉన్నదా?"

కౌసల్యమ్మ తల ఊపింది.

"ఈ మందు ఒంట్లకెల్లి జల్ది పోతది. మెదడు దానికి అలవాటైనంక ఒక్కసారే గుంజేస్తే గిట్లనే తిప్పలపడ్తది. పాత బీమారి గూడ తిరిగి రావచ్చు, సావాలన్న ఆలోచన గూడ. ఒక్కన్ని ఇడువొద్దు. పేరు సూసి ఏ రకం మందో నేను చెప్తగని, మళ్ల ఎంత ఇయ్యాలెనో డాక్టరే చెప్పాలె. ఇయ్యాలనే తీస్కపోన్రి. ఇప్పుడెక్కడున్నడు?"

"డ్యూటీల."

"ఏం పని?"

"ప్రెస్ మీద."

కౌసల్యమ్మ వెంటనే ఆయనకు ఫోన్ చేసింది. ఫోన్ మోగుతూనే ఉంది. మిషన్ దగ్గర ఫోన్లు ఉండనివ్వరు. నేను స్కూటీ తీశాను, కౌసల్యమ్మ వెనక కూర్చుంది. దారంతా స్వామీ స్వామీ అంటూనే ఉంది. దేవుణ్ణి పిలిచిందో, మొగుణ్ణి పిలిచిందో.

గేటు దగ్గర అంబులెన్స్ తలుపులు మూస్తున్నారు. రేకు పెడుతూ, ఎవరో పిలిస్తే తల తిప్పాడట. కళ్ల ముందు మెరిసినట్టై ముందుకు తూలాడు. చెయ్యి లోపలే ఉంది. కాలు పెడల్ మీద పడింది.

కుడిచేతిని మణికట్టు దాకా తీసేశారు. ఏమేం మందులు వాడతాడని ఆస్పత్రిలో అడిగితే, కౌసల్యమ్మ కొంగు ముడి విప్పి ఆ ముక్క ఇచ్చింది. మానసిక డాక్టర్ వచ్చి అదే మందును తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాడు. ఎప్పుడైనా మానాలనుకుంటే తన దగ్గరికే రావాలని, వారాలో నెలలో పట్టినా మెల్లగా దింపాలని చెప్పాడు. త్రిమూర్తులు గారు మంచం పక్కన నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మందు మానమని అయ్యప్ప ఎన్నడన్న చెప్పిండా స్వామీ? నన్నొక్కమాట అడుగకపోతివి," అన్నాడు. బిక్షపతి గోడవైపు తిరిగాడు. నాకు ఆయన మీద జాలి, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి. ఇప్పటికీ రెండూ పోలేదు.

ఫ్యాక్టరీ వాళ్లు వాచ్‌మన్ కుర్చీ ఇచ్చారు. మ్యాచ్ ఉన్నా మిద్దె ఎక్కడు. కౌసల్యమ్మ తెల్లారకముందే ఇళ్లల్లో పనికి పోతుంది.

స్ట్రిప్‌లోంచి మాత్ర తీయాలంటే ఒక చేత్తో పట్టుకోవాలి, ఇంకో చేత్తో నొక్కాలి. అందుకని బిక్షపతి రోజూ పొద్దున స్ట్రిప్ పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. పాలవాడో, నేనో, దారిన పోయే ఎవరో ఒకరు ఆగాలి.

"జర గీ గోళీ తీసియ్యున్రి," అంటాడు. ఏం గోళీ అని కొత్తవాళ్లు అడిగితే పేరు కూడా చెబుతాడు.