శుభలేఖలో పిలిచేవారి వరుస

మా ఇంట్లో పెళ్లిపత్రిక పైవరుసలు చెప్పి రాయించే పని ఎప్పుడూ నాదే. చదివింది మూడో తరగతే అయినా ఆ క్రమం నాకు కంఠతా వచ్చు. అన్నింటికంటే పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. దాని కింద ఇలవేల్పు పేరు. ఆ తర్వాత పిలిచేవారి పేర్లు. పిలిచేది దంపతులే అయి ఉండాలి. మా ఆయన పోయాక చిన్నకొడుకు పెళ్లికి నా పేరు వేయించుకోలేదు. మా మరిది, తోటికోడలు పిలిచారు. మిగిలిన పత్రికల వెనక సరుకుల చిట్టీలు రాసుకున్నాను.

మనుమరాలి పెళ్లి కుదిరినప్పుడూ అదే చెప్పాను. దాని తండ్రి, అంటే నా పెద్దకొడుకు, అది ఐదో తరగతిలో ఉండగానే పోయాడు. కనుక చిన్నకొడుకు, చిన్నకోడలు పిలవాలన్నాను.

"నన్ను పెంచింది అమ్మ. కాక, చిన్నమ్మ పిలుసుడేంది?" అంది మనుమరాలు.

"నీ ఆఫీసు ముచ్చట్లు నా ముంగట జెప్పకు. మనింట్ల గిట్లనే నడుస్తది."

పెద్దకోడలు వంటగదిలోంచే, "అత్తమ్మ చెప్పినట్టే కానియ్యి బిడ్డా" అంది. ఇగ ఆ మాట అక్కడితో ఆగిపోయిందనుకున్నాను.

చుట్టాలకొకటి, ఆఫీసువాళ్లకొకటి అంటే దండగని, ఒకే పత్రికలో ఎడమపక్క తెలుగు, కుడిపక్క ఇంగ్లీషు వేయించమన్నాను. వారం తర్వాత నమూనా చూడడానికి నల్లగండ్ల నుంచి కూకట్‌పల్లి దుకాణానికి నేను, పెద్దకోడలు, మనుమరాలు వెళ్లాం. యజమాని గోదావరివైపు మనిషి. కంప్యూటర్ తెర మావైపు తిప్పాడు. తెలుగుపక్క వేలుపెట్టి ఒక్కో అక్షరం చదివాను. నేను చెప్పినట్టే ఉంది.

"గా పక్క ఏమున్నది? జర చదువు" అన్నాను మనుమరాలితో.

"అదే నానమ్మా."

యజమాని ఊరుకోలేదు. "అదే కాదండి అమ్మగారూ. ఇంగ్లీషులో పెళ్లికూతురి అమ్మగారు పిలుస్తున్నారు. పొరపాటేమోనని నేను ఫోన్ చేస్తే, అలాగే ఉంచమన్నారండి పాప."

నేను మనుమరాలి వైపు చూశాను.

"నేనే జెప్పిన. నీకు ఇంగ్లీష్ రాదు. చుట్టాలు ఆ పక్క చూడరు. మా ఆఫీసోళ్లకన్నా మా అమ్మ పిలిచినట్టుంటదని."

"నా కండ్లు గప్పుతవా? పెళ్లి పీటల మీద కూసునేదాని బుద్ధేనా ఇది?"

పెద్దకోడలికి ఇదేమీ తెలియదు. అవతల కూర్చుని తిరగేస్తున్న పాత పత్రికలు పక్కన పెట్టి లేచి వచ్చింది. "ఏది, నా పేరు యాడున్నది?" అని అడిగింది. యజమాని తెరమీద బాణం గుర్తు ఆ పేరు కిందికి తెచ్చాడు. మనుమరాలు తెలుగులో విప్పి చెప్పింది: కీర్తిశేషులు ఫలానా గారి భార్య శ్రీమతి ఫలానా, తన కుమార్తె వివాహానికి మిమ్మల్ని సాదరంగా ఆహ్వానిస్తున్నారు.

"మంచిగున్నది. తీసెయ్యిండ్రి" అంది కోడలు. అని, తెర దగ్గరే నిలబడింది.

ఆ నిలబడడం చూసి నా కోపం ఎటో పోయింది. కొడుకు పోయిన ఏడాది, కోడల్ని పుట్టింటికి పంపెయ్యమని నాకు చెప్పనివాళ్లు లేరు. ఆమె మా ఇంటి పై అంతస్తును ఉద్యోగాలు చేసే ఆడపిల్లల హాస్టల్‌గా మార్చింది. ఇరవైమందికి వండి పెడుతూ బిడ్డను ఇంజినీరింగ్ చదివించింది. ఈ సంబంధం మాట్లాడిందీ, పెళ్లికొడుకువాళ్లకు జవాబు చెప్పిందీ ఆమే. అప్పుడు దంపతులు కావాలని నేను అడగలేదు. పని చేసేటప్పుడు అడ్డు రానిది పేరు రాసేటప్పుడు ఎందుకొచ్చింది? ఆమె ముఖమైనా చూడని ఆఫీసువాళ్లకు ఆమె పిలుపు అందుతుంది. ఆమె చేతి అన్నం తిన్న మా చుట్టాలకు అందదు. అలా చేసింది నేను.

చిన్నకొడుకుకు ఫోన్ చేయించాను.

"వదినే పిలవాలమ్మా. నేను అప్పుడే అందామనుకున్న, నీ నోటికి భయపడ్డ."

"ఇప్పుడు బగ్గ ధైర్యమొచ్చింది పో" అని పెట్టేశాను.

"తెలుగుల గూడ తల్లే పిలుస్తది. రాయి" అన్నాను యజమానితో.

"మరి బాబాయిగారి, పిన్నిగారి పేర్లండి?"

"కింద, బంధుమిత్రుల అభినందనలతో అన్నకాడ అందరికన్న ముందు ఎయ్యి."

"అత్తమ్మా, చుట్టాలు ఏమన్న అంటరేమో" అంది కోడలు.

"అంటే నాతోని అనమను."

కొత్త నమూనా కాగితం మీద తీసి ఇచ్చాడు. అచ్చుకు పోయేముందు ఇంటివాళ్లు చదివి, సరే అని కింద సంతకం చేయాలి. ఎప్పుడూ నేనే చేస్తాను. పెన్ను అలవాటుగా నాకే ఇవ్వబోయాడు.

"నాకెందుకు? పిలిచేది ఆమె" అన్నాను.

కోడలు పెన్ను తీసుకుని, తెలుగుపక్క మొదటి నుంచి మెల్లగా చదవడం మొదలుపెట్టింది. తన పేరు దగ్గర కొంతసేపు ఆగింది. నేను తొందరపెట్టలేదు.