తొంభై ఆరు మార్కుల మీద సున్నా

ముందే చెబుతున్నాను, నేను మెత్తని మనిషిని కాను. మా ఆఫీసులో నన్ను వెనకాల "సున్నా అక్క" అనేవాళ్ళు. ఎదురుగా అనే దమ్ము ఒక్కరికీ లేదు. అంటే ఊరుకునే నోరు కాదు నాది.

తొంభైల చివరి రోజులు. సోలాపూర్ హోట్గి రోడ్డులో ఒక మేడ మీద సెల్‌ఫోన్ కంపెనీ కాల్ సెంటర్ నడిచేది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న కస్టమర్లు ఫోన్ చేస్తే అక్కడ కూర్చుని మేం జవాబు చెప్పేవాళ్ళం. నేతపని చేసే మా సాలోళ్ళ ఇళ్ళలో పుట్టి, పన్నెండో తరగతి దాకా చదివి, తెలుగు, హిందీ గడగడా మాట్లాడే పిల్లలు అశోక్ చౌక్ చుట్టుపక్కల గల్లీకి పదిమంది దొరికేవాళ్ళు. మగ్గాల చప్పుడు, బీడీల ఆకు తప్ప ఇంకో బతుకు ఉంటుందని మాకు చూపించింది ఆ ఉద్యోగమే. అందుకే దాన్ని ప్రాణంలా పట్టుకుని ఉండేవాళ్ళం.

నాది ఫోన్ ఎత్తే పని కాదు. కాల్స్ కొన్ని క్యాసెట్ల మీద రికార్డయ్యేవి. వాటిని విని మార్కులు వేయాలి. ఒక్కో కాల్‌కు ఒక కాగితం. పలకరింపుకు ఇన్ని, మనిషిని గుర్తుపట్టే ప్రశ్నలకు ఇన్ని, ఓపికగా విన్నందుకు ఇన్ని, సరైన జవాబుకు ఇన్ని, అన్నీ కలిపి వంద. ఆ కాగితం అడుగున మాత్రం మార్కులు లేని ఒక గడి ఉండేది. ఫోన్ చేసింది ఎవరో తేల్చుకోకుండా వివరాలు చెప్పడం, కస్టమర్‌ను తిట్టడం, కావాలని ఫోన్ పెట్టేయడం, లేని హామీ ఇవ్వడం. వీటిలో ఒక్కదానికి టిక్కు పడిందా, పైన ఎన్ని మార్కులొచ్చినా ఆ కాల్‌కు మొత్తం సున్నా. పైన వేసిన మార్కులు కాగితం మీద అలాగే ఉంటాయి, పిల్లలకు నేర్పడానికి పనికొస్తాయి. లెక్కలోకి మాత్రం సున్నాయే వెళ్తుంది.

మా గల్లీ చివరింటి అమ్మాయి ఒకతె మాతో పనిచేసేది. బంగారంలాంటి గొంతు. మండిపడుతూ ఫోన్ చేసినవాడు నవ్వుతూ పెట్టేసేవాడు. ఆ నెలతో ఆమె ప్రొబేషన్ అయిపోతుంది. నెలకు ఐదు కాల్స్ వింటాం, వాటి సగటు ఎనభై ఐదు దాటితే ఉద్యోగం పక్కా, లేకపోతే ఇంటికి. నాలుగింటిలో ఆమెకు తొంభైకి తక్కువ లేదు. ఐదోది నా చేతికొచ్చింది.

ఒకావిడ ఫోన్ చేసింది. బిల్లు రావడం లేదట, ఏ అడ్రసుకు పంపుతున్నారో చెప్పమంది. ఈ అమ్మాయి పద్ధతిగా నెంబరు అడిగింది, పేరు అడిగింది, పుట్టినరోజు అడిగింది. అన్నీ సరిపోయాయి. ఇక ఒక్కటే మిగిలింది. కనెక్షన్ తీసుకునేటప్పుడు ఫారంలో తండ్రి లేదా భర్త పేరు రాస్తారు కదా, అది. ఆవిడ ఆగిపోయింది. "అదీ... ఎట్ల చెప్పాలె..." అని నసిగింది. మా అమ్మాయి కంప్యూటర్లో చూసి, నవ్వుతూ ఆ పేరు తనే చదివి, "ఆయనేనా అమ్మా?" అంది. "ఆ, ఆ, ఆయనే." ఇంకేముంది, అడ్రసు మొత్తం ఇంటి నెంబరు నుంచి గల్లీ గుర్తు దాకా చక్కగా చదివి వినిపించింది.

నేను టేపు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. పైన లెక్కేస్తే తొంభై ఆరు. అడుగున గడిలో టిక్కు పెట్టి సున్నా వేశాను. సగటు తొంభై దాటాల్సింది డెబ్బై నాలుగుకు పడిపోయింది.

ఆ అమ్మాయి కాగితం చూసుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఏందిది? ఆడమనిషి మొగని పేరు నోట్లకెళ్ళి తీస్తదా? నీకు ఎరుక లేదా?"

"ఎరుకే. గని నువ్వు అడగాలె, ఆమె చెప్పాలె. ఆమె చెప్పకపోతే ఇంకో ప్రశ్న అడుగు. డిపాజిట్ ఎంత కట్టినవమ్మా అను. పేరు నువ్వే అందిస్తే అది అడిగినట్టా, చెప్పినట్టా?"

"నాలుగిట్ల మూడు సరిగ్గనే చెప్పింది గద! గా పదిహేను మార్కులు కొయ్యి, వద్దంటలేను. సున్నా ఎందుకు? నా పొట్ట మీద కొట్టకు అక్కా."

గుర్తుపట్టే ప్రశ్నలకు ఉన్న పదిహేనూ కోసేస్తే ఎనభై ఒకటి మిగులుతుంది. సగటు హాయిగా దాటుతుంది. నాకు తెలియదా? ప్రశ్న సరిగ్గా అడగకపోతే మార్కులు పోతాయి. తేల్చుకోకుండా వివరం బయటికిస్తే కాల్ మొత్తమే పోతుంది. రెండూ ఒకటి కాదని గట్టిగానే అరిచాను. పక్కన ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆమె అప్పీలు పెట్టుకుంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాళ్ళమ్మ మా వాకిట్లో కూర్చుని ఉంది. మా అమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఇద్దరి మొహాలూ చూడగానే విషయం అర్థమైంది.

"బిడ్డా, నీకు దండం పెడత," అంది వాళ్ళమ్మ. "ఒక్క గీత కొట్టేస్తే అయిపాయె. నా బిడ్డె మల్ల గీ చాట ముంగట కూసోవాల్నా?"

"నా చేతుల ఏం లేదు పెద్దమ్మా. హైదరాబాద్ నుంచి కంపెనీ సాబు వస్తున్నడు. ఆయన ఇంటడు టేపు."

"సాబుకు ఏమెరుక మన ఆడోళ్ళ సంగతి? నీకు ఎరుక గద!"

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఇక మా అమ్మ మొదలుపెట్టింది.

"దవాఖానల నీ తండ్రి పేరు అడిగితే నేనెప్పుడన్న చెప్పిన్నా? నిన్ను గిల్లితే నువ్వు చెప్పేదానివి. మరి నేను దొంగనా?"

"నిన్ను దొంగ అన్ననా అమ్మా?"

"అన్నట్టే. చెప్పని ఆడిదాన్ని నమ్మొద్దంటున్నవ్ గద. నాలుగు అక్షరాలు నేర్వంగనే మాది మోటు బతుకు అయిపాయెనా? చల్, లే, అన్నం తిను."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజం చెప్పాలంటే, టేపులో ఆవిడ నసిగినప్పుడు నాకూ మా అమ్మే గుర్తొచ్చింది. ఆ పిల్ల తప్పేం చేసింది, ఒక పెద్దామెను ఇబ్బంది పెట్టకుండా గౌరవం చూపించింది, అంతే కదా అనిపించింది. సున్నా వేసిన చేతిని నేనే తిట్టుకున్నాను. కానీ టిక్కు మాత్రం చెరపలేదు. మొండితనం అనండి, ఇంకేమైనా అనండి.

మర్నాడు పొద్దున్న కంపెనీ మేనేజర్ వచ్చాడు. చిన్న గది, మూసిన తలుపు, మధ్యలో టేప్ రికార్డర్. ఆయన, నేను, ఆ అమ్మాయి, ఆమె టీమ్ లీడర్. పద్ధతి ఏమిటంటే, టేపు విని ఎవరి మార్కులు వాళ్ళు వేరువేరుగా వేయాలి, తర్వాత పక్కపక్కన పెట్టి చూడాలి. టీమ్ లీడర్ ఎనభై ఒకటి వేశాడు. నేను సున్నా. మేనేజర్ కాగితం తిప్పి పెట్టుకున్నాడు, చూపించలేదు.

"సార్, రూల్ నాగ్గూడ ఎరుకనే," అన్నాడు టీమ్ లీడర్. "గని నుక్సాన్ ఏమైంది, ఎవరికేం నష్టం? ఆమె బిల్లు ఆమె అడిగింది. మా దిక్కు ఆడోళ్ళు మొగని పేరు చెప్పరు సార్. మీ దిక్కు చెప్తరా?"

"మా అమ్మ గూడ చెప్పదు," అన్నాడు మేనేజర్. ఆ అమ్మాయి మొహంలో కాస్త రంగు వచ్చింది. ఆయన నా వైపు తిరిగాడు. "మీరేమంటరమ్మా?"

"నుక్సాన్ అయితేనే సున్నా అని కాగితంల లేదు సార్. తేల్చుకోకుండ చెప్తే సున్నా అని ఉంది. ఆమె సిగ్గుతోని ఆగిందో, ఎరుకలేక ఆగిందో టేపుల ఎట్ల తెలుస్తది? నాకైతే తెలియలే."

"నాకు తెలిసింది!" ఆ అమ్మాయి లేచి నిలబడింది. "సార్, పొద్దుగూకులు గసువంటి ఆడోళ్ళ నడుమనే పెరిగిన నేను. అది సిగ్గే. కావాల్నంటే ఆమెకే ఫోన్ చెయ్యిండ్రి. ఆమెనే చెప్తది."

మేనేజర్ సరేనన్నాడు. ఫారంలో ఉన్న నెంబరుకే కలిపి, స్పీకర్ నొక్కాడు. రింగవుతున్నంతసేపూ ఆ అమ్మాయి నా వైపే చూసింది. చూస్తావుగా, అన్నట్టు. ఆమే నెగ్గాలని లోపల నేనూ కోరుకుంటున్నాను. నిజంగా.

అవతల ఒకావిడ ఎత్తింది. ఆయన కంపెనీ పేరు చెప్పి, రికార్డు సరిచూసుకోవాలంటూ పుట్టినరోజు అడిగాడు, చెప్పింది. "ఫారంల తండ్రి లేదా భర్త పేరు ఏం రాసిన్రమ్మా?"

అడగడమే ఆలస్యం, ఆవిడ టక్కున చెప్పేసింది, ఇంటిపేరుతో సహా.

ఆ అమ్మాయి ఉండబట్టలేక స్పీకర్ మీదికి వంగింది. "అమ్మా, మీరు మీ ఆయన పేరు గట్లనే చెప్తరా?"

"ఆయన పేరెందుకు రాస్త? అది మా నాయిన పేరు. నా మొగని ఇల్లిడిసి నేను వచ్చినంకనే ఈ ఫోన్ తీసుకున్న. ఎందుకడుగుతున్నరు?"

అది తండ్రి పేరు. టేపు ఎన్నిసార్లు తిప్పి విన్నానో, ఆ మాట నాకే తట్టలేదు. ఫారంలో తండ్రి లేదా భర్త అని రాసి ఉంటే, మేమందరం భర్త అనే చదువుకున్నాం.

మేనేజర్ నెమ్మదిగా అడిగాడు. "పోయిన వారం మీరు బిల్లు అడ్రస్ గురించి మాకు ఫోన్ చేసిన్రా?"

"నేనా? నేనెందుకు చేస్త? బిల్లు మంచిగనే వస్తున్నది." తర్వాత ఆవిడ గొంతు మారింది. "ఎవరు చేసిన్రు? ఆడిదేనా? అడ్రస్ చెప్పిన్రా మీరు?"

జవాబు కోసం ఆవిడ ఆగలేదు.

"ఆదివారం మా అత్త, ఆడిబిడ్డ ఈడికొచ్చిన్రు. ఆయన గూడ. గల్లీ అంత పోగయ్యేటట్టు తలుపు గుద్దిన్రు. నా ఫోన్ నెంబరు నలుగురికి ఎరుకే గని, నేనీడ ఉన్నట్టు మా చెల్లెకు తప్ప ఎవరికీ ఎరుకలేదు. అదే చెప్పిందనుకున్న. ఏడుస్తున్నా ఇనకుండ దాన్ని వెళ్ళగొట్టిన. చెల్లె ఒట్టు పెట్టుకున్నా నమ్మలే."

సున్నా నిలిచినందుకు సంతోషం రాలేదు, ఆ సున్నా గురించే మర్చిపోయాను. మేనేజర్ ఫోన్ వైపు చెయ్యి చాపి, కంపెనీ తరఫున ఏదో చెప్పబోయాడు. ఆ అమ్మాయి ఆయన చెయ్యి పక్కకు తోసింది.

"అమ్మా, మీ చెల్లె చెప్పలే," అంది. ఆ బంగారు గొంతు బొంగురుపోయింది. "నేను చెప్పిన. ఇంటి నెంబరు, గల్లీ, అన్నీ నేనే చదివి చెప్పిన. నా పేరు రాసుకోండ్రి. మీ చెల్లెకు ఫోన్ చెయ్యిండ్రి అమ్మా, ఇప్పుడే చెయ్యిండ్రి."