ఓటు లేని కుర్చీ

నూరుమంది, ఆపైన పనిచేసే చోట కార్మికులూ యాజమాన్యమూ కలిసి కూర్చునే వర్క్స్ కమిటీ ఉండాలని చట్టం వచ్చిన కొత్త. నగరి దగ్గర మా నూలు మిల్లులో కూడా కమిటీ వేశారు. కార్మికుల తరపున గెలిచిన అయిదుగురిలో నేనొకణ్ణి. ఆ సాయంత్రమే మా నాయన నా మెడలో బంతిపూల దండ వేసి వీధంతా చాటాడు.

"మావోడు మిల్లుకు డైరెక్టరైనాడప్పా!"

నాయన కూడా అదే మిల్లులో దూది ఏకే గదిలో పని. తడి ఆరితే దూది పొర తెగుతుందని ఆ గదికి కిటికీలు తెరవరు. ఆయన దగ్గు విని విని ప్రాణం విసిగి, ఆ కిటికీల కోసమే నేను నిలబడ్డాను.

ఆదివారం చిత్తూరు వెళ్లి మా సంఘం వకీలుకు డైరెక్టరు కథ చెబితే పగలబడి నవ్వాడు.

"కమిటీ వేరు, బోర్డు వేరబ్బా. మీరు చెప్పేది సలహా, తేల్చేది బోర్డు. యుద్ధంలో ఇంగ్లండు ఫ్యాక్టరీల్లో పెట్టిన కమిటీలూ ఇంతే. జర్మనీలో ఇంగ్లీషోళ్ల చేతికిందుండే ఉక్కు మిల్లులు కొన్నిట్లో మాత్రం, పైనుండి చూసే బోర్డులోనే కార్మికుల పక్షం అయిదుగురు, వాటాదారుల పక్షం అయిదుగురు. పదకొండోవాడు మధ్యస్థుడు. అందరికీ ఓటుండాది."

"రెండు పక్కలా ఒప్పుకునే మనిషిని యాడ దొరకబట్టినారు సార్? మా ఊర్లో అయితే దేవుణ్ణే దింపాల!"

కమిటీలో మేనేజరు, తెరిస్తే పొర తెగుతుందని పాత పాటే పాడాడు. ఎండాకాలం మన ఇళ్లలో చేసినట్టే కిటికీలకు తడి గోనెపట్టా కడదామన్నాను. వారం రోజులు ఒక మూల కట్టి చూశాం. పొర తెగలేదు. మా అయిదుగురూ, యాజమాన్యం తరపు అయిదుగురూ, పదిమందీ సంతకం పెట్టాం. ఇక బోర్డు ఒప్పుకోవాలి.

చిత్తూరులో జరిగిన డైరెక్టర్ల సమావేశానికి, విషయం వివరించమని నన్ను పిలిపించారు. గోడవారగా నిలబడ్డాను. కూర్చోమన్నారు. యజమాని ముందు కుర్చీలో కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. గోనెపట్టా సంగతి తడబడకుండా వివరించాను. చెప్పడం అయ్యాక, నిర్ణయం చేసుకుంటాం, బయట ఉండమన్నారు. వరండాలో చెమటలు తుడుచుకుంటుంటే మేనేజరు నవ్వుతూ వచ్చాడు. అన్ని కిటికీలూ తెరవమన్నారట. పట్టరాని సంతోషంతో ఆయన చేతులు పట్టుకుని ఊపేశాను.

మర్నాడు నాయన తెరిచిన కిటికీ దగ్గర తడి గోనె వాసన పీలుస్తూ నిలబడ్డాడు. ఆ ముఖం చూసి నా కళ్లు నిండాయి. ఇక దాచలేక నిజం చెప్పేశాను.

"నేను డైరెక్టర్ను కాదు నాయనా. ఓటేసేటప్పుడు నన్ను బయటికి పంపించినారు."

ఆయన కాసేపు గాలి పీల్చుకుని, చెయ్యి నా భుజం మీద వేశాడు.

"ఈతూరి పొమ్మంటే లేసి రాబాకురా."