పచ్చ టిక్కు వచ్చేదాకా

ఖమ్మంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నెలనెలా బిల్లులు తయారుచేయడం నా ఉద్యోగం. లారీ ధర్మకాంటా ఎక్కితే బరువు చదివి చీటీ కొట్టే సాఫ్ట్‌వేర్ మాది. చీటీకి ఇంత అని మేము కాంటా యజమాని దగ్గర తీసుకుంటాం. కొట్టిన ప్రతి చీటీకీ మా సర్వర్‌కు ఒక రికార్డు వస్తుంది. అందులో ఏ కాంటా, ఎప్పుడు అందింది, ఆ రికార్డుకంటూ ఒక ప్రత్యేక నంబరు, ఇంతే ఉంటాయి. లారీ నంబరూ బరువూ బిల్లుకెందుకులే అని మేమే వదిలేశాం. నెల ముగియగానే ఒకే నంబరుతో రెండోసారి వచ్చినవాటిని తీసేసి, మిగిలినవి కూడి, వెయ్యి చీట్ల దాకా ప్యాకేజీలో వేసి, పైవాటికి విడిగా రేటు కడతాం. అన్ని రికార్డులూ కలిసి ఇన్వాయిస్‌లో ఒక్క వరుస అవుతాయి. ఆ వరుసలో తప్పు రాదని నాకు భలే ధీమా ఉండేది.

సారపాక దాటాక అడవి అంచున ఒక కాంటా ఉంది. జామాయిల్ కర్ర లారీలే ఎక్కువ. యజమాని కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు, కాంటా మీద కూర్చునే ఆపరేటర్ మాత్రం అక్కడివాడే. యాభై దాటిన మనిషి, ఒకప్పుడు కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేసినవాడు. ఆ వానాకాలం రోడ్డు పనుల్లో ఇంటర్నెట్ వైరు తెగిపోయి ఎంతకీ బాగుపడలేదు. నెట్ లేకపోయినా చీట్లు ట్యాబ్లెట్‌లో దాచి తర్వాత పంపే ఏర్పాటు మేము అప్పుడే కొత్తగా చేశాం. అది నేర్పడానికి నన్ను పంపారు.

అక్కడ సిగ్నల్ అందేది ఒక్కచోటే, గుట్ట మీది చర్చి మెట్ల దగ్గర. సాయంత్రం కాంటా మూశాక ట్యాబ్లెట్ పట్టుకుని ఇద్దరం మెట్లెక్కాం.

“ఒక్కసారి నొక్కితే పోతదా మేడమ్?” అని అడిగాడు.

“ఒక్కోసారి పోదు అన్నా. పచ్చ టిక్కు వచ్చేదాకా నొక్కుతనే ఉండు” అన్నాను.

ఆ మాటను అట్టముక్క మీద రాసి కాంటా గదిలో గోడకు అంటించుకున్నాడు. వెళ్లేటప్పుడు చూసి, ఇంత శ్రద్ధ గల మనిషి దొరికాడని మురిసిపోయాను.

ఆ నెల ఆ కాంటా ఇన్వాయిస్ వరుసలో ఎప్పుడూ వచ్చే సంఖ్యకు రెండింతలు దాటింది. వ్యాపారం పెరిగిందనుకుని పంపేశాను. నా పని అదే కదా, పంపేయడం.

రెండు రోజుల తర్వాత యజమాని ఫోన్ చేశాడు. కోపంగా లేడు. అదే నన్ను భయపెట్టింది.

“అమ్మా, బిల్లులో ఇన్ని చీట్లున్నాయి. మా పుస్తకంలో సగం కూడా లేవు. మిగతా లారీల డబ్బులు ఎటు పోయాయో ఇప్పుడు అర్థమైంది. ఎన్నాళ్లుగా తింటున్నాడో!”

డ్రైవర్లు కాంటా డబ్బులు ఆపరేటర్ చేతికే ఇస్తారు. ఆయన పుస్తకంలో రాసి సాయంత్రం లెక్క అప్పజెబుతాడు. అంటే నా వరుస ఆ మనిషిని దొంగను చేసింది.

ఆ రోజే రికార్డులు తీసి చూశాను. పుస్తకంలో రోజువారీ లెక్క ఫోన్‌లో తెప్పించుకున్నాను. ముప్పై ఒక్క చీటీలు రాసిన రోజున మా దగ్గర తొంభై మూడు రికార్డులు. ఇరవై నాలుగు రాసిన రోజున నలభై ఎనిమిది. చర్చి మెట్ల మీద ఏం జరిగిందో కళ్లకు కట్టింది. చీట్లు మా సర్వర్‌కు అందేవి, ఈలోగా సిగ్నల్ పోయి పచ్చ టిక్కు వెనక్కి వెళ్లేది కాదు. ఆయన మళ్లీ నొక్కేవాడు. ఆ ప్రత్యేక నంబరును బరువు తూచినప్పుడు కాకుండా పంపే ముందు వేసేలా మావాళ్లు రాశారు. నొక్కిన ప్రతిసారీ అవే చీట్లు కొత్త నంబర్లతో వచ్చాయి. కొత్త నంబరైతే మా లెక్కలో కొత్త చీటీయే.

యజమానికి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

“అన్నీ సాయంత్రం ఏడింటికే వచ్చాయండీ, చూడండి” అన్నాను.

“అప్పుడే కదమ్మా పంపేది. పగలు ఎన్ని కొట్టాడో అందులో ఉందా?”

లేదు. మేమే పెట్టలేదు. కాంటా దగ్గరుండే చీటీ నకళ్లు చూడమన్నాను. వాటి వరుస సంఖ్య ప్రతి ఉదయం ఒకటి నుంచి మొదలవుతుంది. ముప్పై ఒకటి తర్వాతవి చింపేసి ఉంటాడన్నాడు. ట్యాబ్లెట్ చూద్దామంటే, పచ్చ టిక్కు వచ్చాక అది పాతవన్నీ తుడిచేస్తుంది. ఏ తలుపు తట్టినా దానికి తాళం వేసింది మేమే.

“మీ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఆ అంకె తప్పని రాసివ్వమను. నమ్ముతాను” అన్నాడు చివరికి. న్యాయమైన మాటే.

మా సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. “తప్పని రాసిస్తే రేపు ప్రతి కాంటావాడూ పాత బిల్లులు తిరగదోడతాడు. ఎక్కువైన డబ్బు తగ్గిస్తూ క్రెడిట్ నోట్ ఇద్దాం. కారణం దగ్గర ‘పాత కస్టమర్‌కు ప్రత్యేక తగ్గింపు’ అని వెయ్యి. లోపం ఈ వారమే సరిచేయిస్తాను” అన్నారు. నేను వాదించాను, గట్టిగానే. తర్వాత నా సీటులో కూర్చుని ‘ప్రత్యేక తగ్గింపు’ అని టైపు చేశాను. ఇల్లు నా జీతం మీద నడుస్తోంది. ఇది సాకని నాకు తెలుసు.

యజమానికి డబ్బు తిరిగొచ్చింది. మునుపటి వరుసలో అంకె అట్లాగే ఉండిపోయింది. ఆపరేటర్‌ను మానిపించారు.

ఆ ఆదివారం బస్సెక్కి ఆయన్ను చూడడానికి వెళ్లాను. చర్చి నుంచి వస్తూ మెట్ల దగ్గరే కనిపించాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“పైసలు మాఫ్ చేసిన్రట గద మేడమ్” అన్నాడు.

“అవునన్నా.”

“బిల్లుల తప్పు లేకుంటే ఎందుకు మాఫ్ చేస్తరు? గదే అడిగిన ఓనర్‌ను. కంపెనీ దయ తలచింది, నువ్వైతే తిన్నవు అన్నడు. నాకు పైసలొద్దు, నౌకరీ గూడ వద్దు. ఆ అంకె తప్పని ఒక్క కాగితం ఇయ్యరాదు? ఈడ అందరు నన్ను జూసి మాట్లాడుడు ఆపుతున్నరు.”

ప్రయత్నిస్తానని మాత్రం అన్నాను. ఆయన తలూపిన తీరు చూస్తే అది అబద్ధమని నాకంటే ముందే ఆయనకు తెలిసిపోయినట్టుంది. టీ తాగి పొమ్మన్నాడు. తాగాను కూడా.

ఆ వారమే మావాళ్లు లోపం సరిచేశారు. ఇప్పుడు బరువు తూచిన క్షణంలోనే నంబరు పడుతుంది, ఎన్నిసార్లు పంపినా అదే నంబరు, రెండోది పక్కకు పోతుంది. సరిచేయకముందు రోజుల్లో మళ్లీ వచ్చినవాటిని చేత్తో తీసేసి, తర్వాతి నెల ఆ కాంటా ఇన్వాయిస్‌ను నేనే రెండుసార్లు సరిచూసి పంపాను.

అందగానే యజమాని ఫోన్ చేశాడు. ఆ గొంతులో సంతోషం.

“చూశావా అమ్మా, కొత్త కుర్రాడొచ్చాక మీ బిల్లూ మా పుస్తకమూ చీటీతో సహా సరిపోయాయి. పాతవాడు పోయాడు, లెక్క కుదిరింది.”

“అది మేము సరిచేశామండీ. లెక్క తప్పింది ఆయన వల్ల కాదు” అన్నాను.

“నీది మంచి మనసమ్మా, అందర్నీ వెనకేసుకొస్తావు” అని పెట్టేశాడు.

తెరమీద ఆ వరుస ఇంకా తెరిచే ఉంది. అందులో ఒక్క చీటీ ఎక్కువ లేదు, ఒక్క చీటీ తక్కువ లేదు.