గుండ్రటి నీలిమరక

"ఫోన్ ఈడ పెట్టు. లాక్ తియ్యి" అంది మా చెల్లెలు కూతురితో, అన్నం పళ్ళేల మధ్య అరచెయ్యి చాపి.

చెన్నై మైలాపూరులో వాళ్ళింట్లో ఆదివారం భోజనాలు. పద్నాలుగేళ్ళ మేనకోడలు, వాళ్ళ అవ్వ, అంటే మా చెల్లెలి అత్తగారు, నేను.

"మెసేజులు నావి అన్నావు కదమ్మా."

"ఆప్‌లో కనపడవన్నాను. చేత్తో పట్టుకొని చూడనన్నానా?"

వేసవి సెలవల్లో ఫోన్ కొన్నప్పుడు ఇదే బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పింది. చెల్లెలు షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగి. నిఘా ఆప్ పెడుతూ ఏదీ దాచలేదు. ఏ ఆప్ ఎంతసేపు వాడిందీ, ఫోన్ ఎక్కడుందీ తనకు కనపడతాయి. కొత్త ఆప్ కావాలంటే తన అనుమతి ఉండాలి. మెసేజులు, ఫొటోలు, మాట్లాడిన మాటలు కనపడవు, అవి నీ సొంతం అంది. ఇంకో సంగతి కూడా చెప్పింది: మ్యాపులో చుక్క చుట్టూ నీలిమరక పెద్దదిగా ఉంటే ఫోన్ ఎక్కడుందో ఆప్‌కే సరిగ్గా తెలియదని అర్థం, ఆ మరకలో ఎక్కడైనా ఉండొచ్చు. మా పత్రికాఫీసులో ఎవరూ అంత తేటగా వార్త రాయరు అనుకున్నాను.

ఆ ముందురోజు, శనివారం, ట్యూషన్ వేళ ఆ మరక రెండు మూడు వీధులు మింగింది. నడిమి చుక్క బీచి మీద పడింది. పిల్ల ట్యూషన్ ఎగ్గొట్టిందని చెల్లెలి అనుమానం.

"మరక పెద్దది అమ్మా. ట్యూషన్ లోపలి గదిలో, సిగ్నల్ సరిగ్గా అందదు. నువ్వే కదా చెప్పావు."

"నాకే పాఠమా?"

"ఆ టీచరమ్మకు ఒక ఫోన్ కొట్టి అడగరాదా" అన్నాను.

"బయటోళ్ళ దగ్గర పరువు తీసుకోమంటావా అన్నా?"

పిల్ల లాక్ తీసింది. బీచి గురించి ఏమీ లేదు. వెతుకుతూ చెల్లెలు, పిల్ల తన స్నేహితురాలికి రాసిన తమిళ మెసేజు ఒకటి పైకి చదివేసింది: అవ్వ పక్కన పడుకోలేను, మందుల వాసన, ఎప్పుడు పోతుందా అనిపిస్తుంది.

అవ్వ ముద్ద కలుపుతున్న వేళ్ళు ఆగాయి.

"కింద లైను కూడా చదువు" అంది పిల్ల.

"చదివింది చాల్లే." చెల్లెలు ఫోన్ బోర్లించింది.

"చదువమ్మా."

"ఎందుకులేమ్మే" అంది అవ్వ. "నా ముక్కుకే పడదు ఆ వాసన." చెయ్యి కడుక్కోడానికి లేచింది. పళ్ళెంలో అన్నం అట్లాగే ఉంది.

ఇప్పుడు పిల్ల హాల్లో పడుకుంటోంది. బయటికి వెళ్ళేటప్పుడు ఫోన్ టీవీ పక్కన పెట్టి వెళ్తుంది. చెల్లెలి మ్యాపులో చుక్క రోజంతా ఇంటి మీదే, చుట్టూ మరక లేకుండా ఉంటుంది. ఆ కింద లైను పిల్ల చెరిపేసింది. శనివారం సంగతి ట్యూషన్ టీచర్‌ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.