తొమ్మిది రోజుల అరవై నాలుగు

అందరినీ అనుమానించడం నా ఉద్యోగంలో భాగం. అగ్నిమాపక కేంద్రంలో కసరత్తు చేయించేవాణ్ణి. తాడు గట్టిగానే కట్టానని ఎవడైనా అంటే, నేను లాగి చూసేదాకా అది కట్టనట్టే లెక్క. అందుకే నాడి లెక్క రాసే నోటు పుస్తకంలో వరుసగా తొమ్మిది రోజులు అరవై నాలుగు అన్న అంకె కనిపించగానే నాకు ఒళ్లు మండింది.

రాసింది మేమంతా డ్రమ్ము అని పిలిచే కుర్రాడు. మా నిచ్చెన జట్టులో అందరికంటే ముందు ఎక్కేవాడు. రెండేళ్ల కింద పద్దెనిమిది కిలోలు కరిగించాడు గానీ పేరు మాత్రం కరగలేదు. ఈమధ్య టైఫాయిడ్‌తో మూడు వారాలు మంచాన పడి, ఐదు కిలోలు తగ్గి వచ్చాడు. అంత జబ్బు పడి లేచినవాడు నెలలోపు నిచ్చెన పరీక్ష నెగ్గాలి. నీళ్ల గొట్టం భుజాన వేసుకుని మూడో అంతస్తు ఎక్కాలి. తప్పితే ఫోన్ల గదిలో కుర్చీయే. ఆ కుర్చీలో కూర్చుంటే మళ్లీ పాత ఒళ్లు వస్తుందని వాడికి చచ్చేంత భయం.

నా పద్ధతి ఒకటుంది. నిద్ర లేవగానే మంచం మీదే నిమిషం పాటు నాడి లెక్కపెట్టి రాయాలి. జ్వరానికి ముందు వాడిది అరవై నాలుగు. దానికి పది ఎక్కువుంటే ఆ రోజు నడక మాత్రమే. తగ్గాక కూడా పాత బరువుల్లో సగం, పాత చుట్లలో సగం. జ్వరం నుంచి లేచినవాడి నాడి తొమ్మిది రోజులు ఒకే అంకె మీద నిలబడుతుందంటే నేను నమ్మను.

నేను వాణ్ణి అనుమానిస్తుంటే వాడు ఇంకొకర్ని అనుమానిస్తున్నాడు. ఆ రోజే నన్ను పక్కకు పిలిచాడు.

"మేస్టారూ, మా ఆవిడ కూరలో నూనె ఎక్కువ పోస్తోంది. పది రోజుల్లో రెండు కిలోలు పెరిగాను. సీసా మీద పెన్నుతో గీత పెట్టాను, చూస్తా."

సాయంత్రం వాడు డ్యూటీలో ఉండగా ఇంటికి వెళ్లాను. ఆవిడ ఆ సీసా తెచ్చి నా ముందు పెట్టింది.

"గీత చూసి ముందు నవ్వొచ్చింది అన్నయ్యగారూ, తర్వాత ఏడుపొచ్చింది. డాక్టరుగారు కొంచెం కొంచెంగా ఐదుసార్లు పెట్టమన్నారు. ఈయన రెండుసార్లే కూర్చుంటారు, గుడ్డు కూడా సగం వదిలేస్తారు. చీకటితోనే మీ దగ్గరికి పరిగెడతారు."

నా దగ్గరికి వాడు వచ్చేది ఎనిమిదింటికి.

మర్నాడు తెల్లవారుతుండగా కేంద్రం వెనక నీళ్ల ట్యాంకు దగ్గర పట్టుకున్నాను. భుజాన ఇసుక మూట వేసుకుని మెట్లెక్కి దిగుతున్నాడు. నన్ను చూసి దిగబోయి, కళ్లు తిరిగి మెట్టు మీదే కూలబడ్డాడు. పెదాలు పాలిపోయాయి. మూట దింపి, నీళ్లు తాగించి, పావుగంట కూర్చోబెట్టి నాడి చూశాను. అప్పటికీ నూట ఎనిమిది.

"అరవై నాలుగు ఎక్కణ్ణుంచి తెచ్చావురా?"

"జ్వరం ముందుదే రాశా మేస్టారూ. నిజం రాస్తే నడకతోనే ఆపేస్తారుగా."

ముఖం తుడుచుకోమని వాడి చొక్కా జేబులోంచి రుమాలు లాగితే గుప్పెడు బిస్కెట్ పొడి రాలింది. కేంద్రంలో బిస్కెట్ డబ్బా రోజూ నాలుగింటికల్లా ఖాళీ అవుతుంటే, పాపం వాచ్‌మన్‌ని అనుమానించాను నేను.

"ఆకలికి ఆగలేకపోతున్నా," అన్నాడు తల దించుకుని.

కంచంలో సగం వదిలేసి, మూట మోసి, నాలుగింటికి డబ్బా ఖాళీ చేసి, తప్పు పెళ్లాం గరిటె మీదకి తోస్తున్నాడు. తిడదామనుకున్నాను. ఆ సన్నబడ్డ మెడ చూసి, చూపు బెల్టు మీదికి దించాను.

"బెల్టు ఎన్నో కన్నంలో ఉంది?"

"నాలుగు."

"ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు?"

ఆలోచించాడు. "నాలుగే."

"మరి ఆ రెండు కిలోలు ఎక్కడున్నాయిరా? జ్వరంలో ఒంట్లో నీళ్లూ కండా పోయాయి. తిండి మొదలెట్టగానే ముందు ఆ నీళ్లే తిరిగొస్తాయి. అది కొవ్వు కాదు. కడుపు మాడ్చుకుంటే కండ రాదు. సాయంత్రం బిస్కెట్లతో వచ్చేదే కొవ్వు."

వాడికి నమ్మకం కుదరలేదని తెలుసు. బరువు తూచే మెషీన్ స్టోర్‌లో పెట్టి తాళం వేశాను. పరీక్ష ఆ నెల గడువులో చివరి రోజుకి వేయించాను. ఐదుపూటలా టిఫిన్ డబ్బా తెచ్చి నా ఎదుటే తినమన్నాను. పుస్తకంలో ఎనభై ఒకటి, డెబ్భై ఎనిమిది, మళ్లీ ఎనభై పడ్డాయి. నడక రోజుల్లో ముఖం మాడ్చుకునేవాడు. "ఇలా అయితే ఫోన్ల గదే," అని గొణిగేవాడు. నాకూ లోపల అదే భయం. రెండో వారం చివర డెబ్భై కనిపించింది, సగం మూట ఇచ్చాను.

పరీక్ష నాడు గొట్టం వేసుకుని ఎక్కాడు. పాత వేగం లేదు. రెండో అంతస్తు దగ్గర ఒక్క క్షణం ఆగాడు, నేను గడియారం చూశాను. గడువుకి నాలుగు సెకన్ల ముందు మూడో అంతస్తు కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

దిగొచ్చాక బెల్టు నాకు చూపించాడు. నాలుగో కన్నమే. సీసా మీద గీత తనే చెరిపేశానన్నాడు.

"పొద్దున నాడి ఎంత రాశావు?"

"అరవై నాలుగు," అని, నేను నోరు తెరిచేలోపే చెయ్యి చాచాడు. "నమ్మరుగా. కాసేపు కూర్చుంటా, మీరే చూసుకోండి."

పావుగంట పక్కనే కూర్చున్నాను. వాడి చెయ్యి మాత్రం పట్టుకోలేదు.